నడుముకు సరిపోతే పొట్టి, పొడవుకు సరిపోతే వదులు... ఎందుకు?

ప్యాంటు లేబుల్ మీద ‘9-10 ఏళ్లు’ అని ఉంటే, ఆ వయసు పిల్లల సగటు కొలతలతో కుట్టారని అర్థం. సన్నగా, పొడుగ్గా ఉండేవాళ్లకు ఆ సగటు కుదరదు. అందుకే వయసు వదిలేసి సెంటీమీటర్లు చూడండి. చాలా లేబుళ్ల మీద 134, 140, 146 అని ఎత్తు కూడా ఉంటుంది.

ఇక్కడో తమాషా ఉంది. ఒక సైజు పెరిగితే ఎత్తు 6 సెంటీమీటర్లు పెరుగుతుంది, నడుము మాత్రం సుమారు 2 సెంటీమీటర్లే. అందుకే పెద్ద సైజు తీసుకుని నడుము బిగించుకోవడం తేలిక.

ఎలా బిగిస్తారు? నడుము పట్టీ లోపలివైపు తిప్పి చూడండి. వరసగా కాజాలున్న ఎలాస్టిక్, దాన్ని పట్టి ఉంచే గుండీ రెండు పక్కలా కనిపిస్తాయి. మీ ఎత్తు 139, నడుము 55 అనుకుందాం. 140 సైజు ప్యాంటు నడుము 61 ఉంటే 6 తగ్గాలి. ఒకవైపే లాగితే ప్యాంటు మెలి తిరుగుతుంది కాబట్టి చెరోవైపు 3 లాగాలి. వెనక కుచ్చిళ్లు పడి, జేబులు వెనక్కి జరిగాయంటే ఎక్కువ లాగినట్టే. అప్పుడు అదే ఎత్తులో ‘స్లిమ్’ రకం అడగండి.

139 అంటే 140కి అంచున ఉన్నట్టు. బడి పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి 146 కొనడమే నయం, అంచు మడిచి కుట్టించుకోవచ్చు. రెండు సైజులు దూకితే మాత్రం ప్యాంటు కాళ్ల మధ్య జారిపోతుంది, దాన్ని ఏ ఎలాస్టిక్కూ సరిచేయలేదు.