ఫ్లాట్ కాగితంలో మన గజాలు ఎన్ని?

గల్ఫ్‌లో పనిచేసుకుంటూ హైదరాబాద్‌లోనో, సొంత జిల్లాలోనో ఫ్లాట్ కొనేవాళ్లు మొదట అడిగేవి రెండు ప్రశ్నలు. ఎన్ని బెడ్‌రూములు? చదరపు అడుగు రేటెంత? ఇంకో ప్రశ్న చాలామంది అడగరు. అపార్ట్‌మెంట్ కట్టిన స్థలంలో మన పేరున రాసేది ఎన్ని గజాలు? దీన్నే దస్తావేజులో 'అవిభక్త వాటా' అంటారు. బిల్డర్లు, బ్రోకర్లు 'యూడీఎస్' అంటారు. అంటే విడగొట్టి గీత గీయని వాటా అన్నమాట. పత్రంలో దీనికి ఒక్క లైనే ఉంటుంది. ఆ లైనులో అంకె తగ్గితే లక్షల్లో తేడా వస్తుంది.

మేం ఉండే ఇంటర్నేషనల్ సిటీలో చైనా, ఫ్రాన్స్, పర్షియా, మొరాకో అంటూ దేశాల పేర్లతో క్లస్టర్లున్నాయి. మాలాంటి వాళ్లం అద్దెకుంటాం, ఫ్లాట్ల ఓనర్లు వేరు. ఇలా ఒకే బిల్డింగులో పలువురు ఓనర్లుండే ఆస్తులకు దుబాయ్‌లో ప్రత్యేక చట్టం ఉంది. 2007లో వచ్చిన 27వ నంబరు చట్టం స్థానంలో 2019లో 6వ నంబరు చట్టం తెచ్చారు. మొత్తం విస్తీర్ణంలో తన ఫ్లాట్ ఎంత శాతమో, ఉమ్మడి భాగాల్లో ఓనరు వాటా అంత. ఏటా సర్వీస్ చార్జీ కట్టేటప్పుడు ఇక్కడి ఓనరుకు తన విస్తీర్ణం లెక్క గుర్తుకొస్తూనే ఉంటుంది. మన దగ్గర అలా గుర్తుచేసేది ఏదీ లేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ అమ్మేదాకా ఆ లైను ఎవరూ చూడరు.

భూమి మనకెందుకు?

మా రూములో ఉండే నిజామాబాద్ తమ్ముడు హైదరాబాద్ శివారులో ఫ్లాట్ మాట్లాడుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు ముందు డ్రాఫ్టు కాపీ వాట్సాప్‌లో వచ్చింది. డిప్లొమా చదివి సైట్లలో పనిచేసే వాళ్లం కాబట్టి చూడమని మాకిచ్చాడు. అందులో వాటా 25 గజాలని ఉంది. తక్కువగా ఉందే అంటే అతనన్న మాట: "అన్నా, మన ఫ్లాట్ మూడో అంతస్తుల ఉంటది గదా, కింద భూమితోని మనకేం పని?"

పని ఉంది. కాంక్రీటుకు వయసుంటుంది. స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది, పైపులు పాడవుతాయి, లిఫ్టు పాతబడుతుంది. ముప్పై, నలభై ఏళ్లు పోయాక ఆ ఫ్లాట్ కొనడానికి వచ్చేవాడు గోడలకు పెద్దగా ధర కట్టడు. కింద ఎన్ని గజాలు వస్తాయో చూస్తాడు. పాత బిల్డింగు కూల్చి కొత్తది కట్టడానికి ఎవరైనా ముందుకొస్తే, కొత్తదాంట్లో ఎవరికెంత అనే బేరం ఈ గజాల మీదనే మొదలవుతుంది. రోడ్డు వెడల్పులో ముందు స్థలం పోతే, ఆ స్థలానికొచ్చే పరిహారంలోనూ ఎవరి వంతు ఎంతన్నది ఈ వాటాతోనే తేలుతుంది.

లెక్క ఇలా కట్టాలి

సూత్రం చిన్నదే. మన ఫ్లాట్ విస్తీర్ణాన్ని అన్ని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. వచ్చినదాన్ని స్థలం గజాలతో గుణించాలి. అంతే.

తమ్ముడి ఫ్లాటే చూద్దాం. పాత పత్రాల్లో స్థలం ఐదు గుంటలు. గుంటకు 121 గజాలు కాబట్టి 605 గజాలు. అందులో 55 గజాలు రోడ్డు వెడల్పు కోసం మున్సిపాలిటీకి రాసిచ్చారు. మిగిలింది 550. వాటా లెక్క ఈ 550 మీదే కట్టాలి. రోడ్డులో కలిసిపోయిన భూమిని కూడా పంచినట్టు రాస్తే కాగితం మీద గజాలు పెరుగుతాయి, నేల మీద మాత్రం ఉండవు.

స్టిల్టు మీద ఐదు అంతస్తులు. అంతస్తుకు 1,500 అడుగుల ఫ్లాట్ ఒకటి, 1,250 అడుగులవి రెండు. అంటే అంతస్తుకు 4,000, ఐదు అంతస్తులకు 20,000 చదరపు అడుగులు. తమ్ముడిది 1,250. ఇరవై వేలలో అది 6.25 శాతం. 550 గజాల్లో 6.25 శాతం అంటే 34.375 గజాలు. పెద్ద ఫ్లాట్లకు 41.25 చొప్పున వస్తాయి. పది చిన్న ఫ్లాట్లవి, ఐదు పెద్ద ఫ్లాట్లవి కూడితే సరిగ్గా 550 వస్తుంది. స్థల యజమాని వాటాకు వచ్చిన ఫ్లాట్లు కూడా ఈ పదిహేనులోనే ఉన్నాయి. ఆయన ఫ్లాట్లకూ ఇదే లెక్క, ఇంతకంటే ఎక్కువ రాదు.

మరి డ్రాఫ్టులో 25 ఎలా వచ్చింది? ఫోన్ చేసి అడిగితే "కార్పెట్ ఏరియా ప్రకారం వేశాం" అన్నారు అవతలివాళ్లు. కార్పెట్ ఏరియా అంటే గోడల లోపల మనం వాడుకునే నేల. తమ్ముడి ఫ్లాట్‌కు అది 900 అడుగులు. 900ని 20,000తో భాగించి 550తో గుణిస్తే 24.75 వస్తుంది. దాన్నే 25 చేశారు. తిరకాసంతా ఇక్కడుంది. పైన వేసిన 900 కార్పెట్, కింద వేసిన 20,000 మాత్రం మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నీ కలిపిన సూపర్ బిల్టప్. పైన ఏ కొలత వాడితే కింద కూడా అదే వాడాలి. ఈ అపార్ట్‌మెంట్‌లో అన్ని ఫ్లాట్ల కార్పెట్ కలిపితే 14,400. 900ని దాంతో భాగిస్తే మళ్లీ అదే 6.25 శాతం, అవే 34.375 గజాలు.

మిగిలిన గజాలు ఎటు పోతాయి?

గజం లక్ష రూపాయలనుకుంటే తమ్ముడికి తగ్గిన 9.375 గజాల విలువ తొమ్మిది లక్షల ముప్పై ఏడు వేల పైచిలుకు. మిగతా ఫ్లాట్లకూ ఇలాగే తలా 25 రాస్తే పదిహేనింటికి కలిపి 375 గజాలే అవుతాయి. 550లో ఇంకా 175 గజాలు ఎవరికీ రాయకుండా పాత యజమాని పేరునే ఉండిపోతాయి. ఇవాళ ఆయన నోరెత్తకపోవచ్చు. రేపు ఆయన వారసులు వచ్చి "ఇందులో మాకింకా స్థలం ఉంది" అంటే సమాధానం చెప్పడం కష్టం. బిల్డింగు కూల్చే రోజున పదిహేను కుటుంబాలతో పాటు పదహారో వాటాదారు వచ్చి కూర్చుంటాడు.

దీనికి తిరగబడ్డ మోసం ఇంకోటుంది. అందరికీ సరిగ్గా పంచి 550 గజాలూ రాసేశాక, పైన అనుమతి లేకుండా 2,000 అడుగుల పెంట్‌హౌస్ వేసి అమ్ముతారు. దానికీ 50 గజాలని రాస్తారు. ఇప్పుడు కాగితాల మీద మొత్తం 600 గజాలు, నేల మీద 550. కొత్త విస్తీర్ణంతో లెక్కిస్తే తమ్ముడి లాంటివాళ్ల 34.375 కాస్తా 31.25 అవుతుంది.

ఇది పెద్ద ప్రాజెక్టుల్లోనూ జరిగింది. నోయిడాలోని సూపర్‌టెక్ జంట టవర్లను 2022 ఆగస్టు 28న బాంబులు పెట్టి కూల్చిన వీడియో మనలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ ముందే ఫ్లాట్లు కొన్నవాళ్ల అనుమతి తీసుకోకుండా అదే ఆవరణలో రెండు టవర్లు లేపారు. టవర్ల మధ్య ఉండాల్సిన దూరం వదల్లేదన్నది ఒక తప్పు. కొత్త ఫ్లాట్లు కలిపితే ఉమ్మడి స్థలంలో పాతవాళ్ల అవిభక్త వాటా తగ్గిపోతుందని, దానికి వాళ్ల అంగీకారం తప్పనిసరని 2021 ఆగస్టు 31 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 రెరా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం కూడా మంజూరైన ప్లాన్ మార్చాలంటే కనీసం మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఎలా కనిపెట్టాలి?

మూడు కాగితాలు చాలు. మొదటిది మంజూరైన ప్లాన్. రోడ్డుకు పోగా మిగిలిన స్థలమెంత, అంతస్తులెన్ని, ఫ్లాట్లెన్ని అన్నది అందులో ఉంటుంది. రెండోది అన్ని ఫ్లాట్ల విస్తీర్ణం పట్టిక, బిల్డర్‌ను అడిగి తీసుకోవాలి. మూడోది ఆ స్థలం మీద ఈసీ. అప్పటికే రిజిస్టరైన ఫ్లాట్లుంటే ఒక్కోదానికి ఎన్ని గజాలు రాశారో ఈసీలోనూ, ఆ దస్తావేజుల సర్టిఫైడ్ కాపీల్లోనూ చూడొచ్చు. అన్నీ కూడండి. స్థలం కంటే మొత్తం తగ్గినా, పెరిగినా ఆగి అడగండి. అన్ని సైజుల ఫ్లాట్లకూ ఒకే రౌండు అంకె కనిపిస్తే అనుమానించాల్సిందే.

తమ్ముడి విషయంలో ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి పట్టిక ముందు పెట్టి మాట్లాడితే డ్రాఫ్టు మార్చి 34.375 గజాలని రాశారు. అప్పటికే 25కు సంతకాలు పెట్టినవాళ్లకు అంత తేలిక కాదు. అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సవరణ దస్తావేజు మీద సంతకం పెట్టి రిజిస్టర్ చేయించాలి. డబ్బు చేతికి అందాక వాళ్లు వస్తారన్న భరోసా లేదు.

వాటా ఉంది కదా అని దానితో అన్నీ చేయలేం. మన 34 గజాలు ఫలానా మూలన ఉన్నాయని చూపించలేం, కంచె వేయలేం, ఫ్లాట్ ఉంచుకుని భూమి ఒక్కటీ అమ్మలేం. ఉమ్మడి స్థలాల హక్కును ఓనర్ల సంఘం పేరిట రాయాలని రెరా చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అలా రాసినా ఎవరి వంతు ఎంతన్న లెక్క మాత్రం ఉండాల్సిందే.

ఇంకో మాట. కట్టడం మొదలుకాకముందే "యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తాం, మొత్తం డబ్బు ఇప్పుడే కడితే సగం రేటు" అంటూ హైదరాబాద్ నుంచి ఫోన్లు వస్తుంటాయి. అక్కడ మీకు దక్కేది ఖాళీ నేలలో గీత గీయని వాటా మాత్రమే. ప్లానే మంజూరు కానప్పుడు మొత్తం విస్తీర్ణం ఎంతో తెలియదు, భాగించడానికి అంకే ఉండదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, ఎనిమిది దాటిన ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా అమ్మడం చట్టవిరుద్ధం కూడా.

మనం ఇక్కడే ఉండి అన్నకో, నాన్నకో జీపీఏ పంపేటప్పుడు 'ఫ్లాట్ నంబరు ఫలానా' అని మాత్రం రాసి వదిలేయకండి. అవిభక్త వాటా ఎన్ని గజాలో, మొత్తం ఎన్ని గజాల్లోనో అందులోనే రాయించండి. ఆ జీపీఏ ఇండియా చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. డ్రాఫ్టు దస్తావేజు ఫోటో వచ్చాక షెడ్యూల్ పేజీ తీసి, రెండు కాగితాల్లో అంకె ఒకటేనా కాదా చూసి, ఆ తర్వాతే "పెట్టు నాన్నా సంతకం" అని చెప్పండి.