మీటరు తిరిగేది ఒకటి, డబ్బొచ్చేది ఒకటి

హైదరాబాద్‌లో క్యాబ్ నడపడానికి కారు కొనేవాళ్లు ముందు షోరూం ధర, కిస్తీ చూస్తారు. చూడాల్సిందే. కానీ రోజు చివర జేబులో మిగిలేది ఎంతో తేల్చేది ఖాళీగా తిరిగే కిలోమీటర్లు. డ్రాప్ అయ్యాక తర్వాతి పికప్ దాకా వెళ్లే దూరానికి ఎవరూ పైసా ఇవ్వరు, ఇంధనం మాత్రం కాలుతుంది.

ఒక లెక్క వేద్దాం. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే అందులో కిరాయి వచ్చేది 140 అనుకుందాం. లీటరు పెట్రోలు 107 రూపాయలు, కిలో సీఎన్జీ 96 అనుకుందాం. ఏసీ వేసి ట్రాఫిక్‌లో నడిపితే చిన్న సెడాన్ లీటరుకు 15, కిలోకు 22 ఇస్తుందనుకోండి. కంపెనీ చెప్పే మైలేజీ ఇంతకంటే చాలా ఎక్కువ, దాన్ని నమ్మి లెక్క వేయొద్దు. పెట్రోలుకు రోజుకు దాదాపు 1,430 అవుతుంది, గ్యాస్‌కు 870. అంటే కిరాయి వచ్చిన ప్రతి కిలోమీటరు మీద పెట్రోలు కారుకు పది రూపాయలు, గ్యాస్ కారుకు ఆరు రూపాయల పైచిలుకు ఇంధనానికే పోతుంది. నెలకు 25 రోజులు నడిపితే తేడా 14 వేలు. గ్యాస్ మోడల్‌కు అదనంగా 90 వేలు పెట్టినా ఏడు నెలల్లో తిరిగొచ్చేస్తుంది.

అయితే గ్యాస్ బండికి రెండు చిక్కులున్నాయి. డిక్కీలో పెద్ద సిలిండరు ఉంటే విమానాశ్రయం కిరాయిల్లో సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో తెలియదు. రెండోది బంకు దగ్గర క్యూ. అలాంటి సిలిండరులో పట్టేది ఎనిమిది కిలోల చుట్టూ, ఒత్తిడి తక్కువుంటే అదీ పట్టదు. పై లెక్కలో రోజుకు తొమ్మిది కిలోలు కావాలి. కాబట్టి రోజూ బంకుకు వెళ్లక తప్పదు, పీక్ అవర్‌లో అరగంట నిలబడితే ఒక మంచి బుకింగ్ పోయినట్టే. ఇంటి దారిలో బంకు లేనివాళ్లు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరు ఖర్చు ఇంకా తక్కువే, కానీ రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే చోటుంటేనే దాని మాట ఎత్తాలి.

ఇక మన్నిక. ఈ లెక్కన నెలకు 5,000 కిలోమీటర్లు. 'మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు' అని రాసిన వారంటీ ఇరవై నెలలకే అయిపోతుంది. ఇంజిన్ కంటే ముందు క్లచ్, సస్పెన్షన్, టైర్లు చేతులెత్తేస్తాయి. గ్యాస్ మీద ఇంజిన్ కొట్టుకుంటూ, పెట్రోలుకు మార్చగానే నున్నగా నడిస్తే ముందు స్పార్క్ ప్లగ్గులు చూపించండి. గ్యాస్ అంటుకోవడానికి గట్టి నిప్పురవ్వ కావాలి, అరిగిన ప్లగ్గు దాన్ని ఇవ్వలేదు. సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి, సర్టిఫికెట్ లేకపోతే బంకులో గ్యాస్ పట్టరు.

కాబట్టి మోడల్ ఖాయం చేసుకునే ముందు మీ పేటలోని మెకానిక్ దగ్గరికెళ్లి రెండే అడగండి. దీని క్లచ్ మారిస్తే ఎంతవుతుంది? ఉదయం వదిలితే సాయంత్రానికి బండి ఇస్తావా? సామాను దొరక్క రెండు రోజులు షెడ్డులో ఉండిపోయే కారైతే, ఆ రెండు రోజుల కిరాయినీ దాని ధరలో కలుపుకోవాలి.