మెరూన్ 38 ఎక్కడికి పోయింది?

మా వదిన మంగళగిరి నూలు గుడ్డతో కుర్తీలు కుట్టించి అమ్ముతుంది. మొదట వాట్సాప్‌లో తెలిసినవాళ్లకే అమ్మేది. తర్వాత అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో కూడా పెట్టింది. ఇప్పుడు ఆరు డిజైన్లున్నాయి. ఒక్కోదానికి అయిదు రంగులు, ఒక్కో రంగులో 36 నుంచి 44 దాకా అయిదు సైజులు. గుణిస్తే 150 రకాలు. అన్నిటికీ కలిపి ఒక ఎక్సెల్ షీటు.

ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "మెరూన్ 38కి ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. షీటులో పన్నెండున్నాయని ఉంది, బీరువాలో చూస్తే ఒక్కటీ లేదు. నువ్వోసారి వచ్చి చూడు."

వెళ్లి చూశాను. ఒకే ఒక్క డిజైన్ ఉన్న రోజుల్లో ఆమె ఆ కుర్తీకి MAR-38 అని పేరు పెట్టుకుంది. మెరూన్ రంగు, 38 సైజు. అందులో తప్పేమీ కనబడదు. కానీ ఎక్సెల్‌లో ఆ మాట టైప్ చేస్తే అది రంగూ సైజూ అనుకోదు, మార్చి నెలా సంవత్సరమూ అనుకుంటుంది. గడిలో పైకి Mar-38 అనే కనిపిస్తుంది, లోపల మాత్రం మార్చి 1వ తేదీ దాగి ఉంటుంది. అమ్మకాల నివేదికలో అదే కోడ్ అక్షరాలుగానే వచ్చింది. రెండూ కంటికి ఒకటే, ఎక్సెల్‌కి వేర్వేరు. అందుకే అమ్మిన లెక్క ఆ వరుసకి చేరలేదు. పైగా వదిన వాడే సూత్రంలో, కోడ్ దొరక్కపోతే సున్నా వేయమని రాసి ఉంది. తప్పు జరిగినట్టు చెప్పాల్సిన చోట సున్నా కూర్చుంది. పన్నెండు కుర్తీలు అమ్ముడైపోయినా షీటులో పన్నెండూ అలాగే నిలిచాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక గుర్తుంది. మనం ఏ అమరికా మార్చకపోతే ఎక్సెల్ అక్షరాలను గడిలో ఎడమ వైపుకి, అంకెలనూ తేదీలనూ కుడి వైపుకి పెడుతుంది. కోడ్ల వరుసలో ఒకటి రెండు కుడి గోడకి ఆనుకుని కనిపిస్తే అవి కోడ్లుగా మిగల్లేదన్నమాట. 007 అని కొడితే ముందున్న సున్నాలు పోయి 7 మిగలడం కూడా ఈ తరహా నష్టమే. ఇది చిన్న వ్యాపారులకే వచ్చే చిక్కు కాదు. మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో MARCH1 వంటి పేర్లను MARCHF1 తరహాలోకి మార్చాల్సి వచ్చింది. శాస్త్రవేత్తల షీట్లలోనూ అవి తేదీలైపోతున్నాయి మరి.

అమ్మకందారు తన సరుకులో ప్రతి రకానికీ పెట్టుకునే ఈ పేరునే ఎస్‌కేయూ అంటారు, అంటే స్టాక్ కీపింగ్ యూనిట్. అమెజాన్ ఇచ్చే ASIN అమెజాన్‌ది, ఫ్లిప్‌కార్ట్ ఇచ్చే FSN వాళ్లది. ఎస్‌కేయూ ఒక్కటే మనది. అన్ని చోట్లా ఒకే పేరు పెట్టుకునే వీలు దీనికే ఉంది, మూడు దుకాణాల లెక్కను ఒక షీటులో కలిపే దారమూ ఇదే. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెజాన్ తనకు తోచిన అక్షరాలేవో వేసేస్తుంది. ఒకసారి పడ్డాక అక్కడ దాన్ని దిద్దే వీల్లేదు, తీసేసి కొత్తగా పెట్టాల్సిందే.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కొత్త పద్ధతి రాసుకున్నాం. నాలుగు ముక్కలు, మధ్యలో అడ్డగీత: KR-104-VNK-38. కుర్తీ, 104వ డిజైన్, వంకాయ రంగు, 38 సైజు. మొదటి రెండూ అక్షరాలే కాబట్టి, మధ్యలో మూడంకెల డిజైన్ సంఖ్య ఉంది కాబట్టి ఎక్సెల్ దీన్ని తేదీ అనుకోదు. డిజైన్ సంఖ్య 101 నుంచి మొదలుపెట్టాం, ముందు సున్నా రాకుండా. చేతుల పొడవు మారినా, మెడ మారినా అది కొత్త డిజైనే, కొత్త సంఖ్యే. సైజుకి S, M, L వద్దనుకున్నాం. అక్షర క్రమంలో పేరిస్తే L ముందొచ్చి S వెనక్కి పోతుంది. అంకెలైతే వాటి వరుసలో అవే ఉంటాయి.

ఎక్కువసేపు పట్టింది రంగుల దగ్గరే. ఒకే గుడ్డని వదిన వంకాయ రంగు అంటుంది, టైలర్ వైన్ అంటాడు, ప్యాకింగ్‌కి వచ్చే అమ్మాయి పర్పుల్ అని రాస్తుంది. షీటులో అవి మూడు రంగులు. అందుకని గుడ్డ ముక్కలు కత్తిరించి ఒక అట్టకి అంటించి, ప్రతిదాని పక్కనా మూడక్షరాల కోడ్ రాశాం. నెమలికంఠం NMK, చిలకపచ్చ CPC, ఉల్లిపొర ULP, మెరూన్ MRN. BLK, BLU లాగా ఒక్క అక్షరం తేడాతో ఉండే జంటలు రాకుండా చూసుకున్నాం, తొందరలో తప్పు కవర్‌లో పడేవి అవే. O, I అక్షరాలను కూడా వదిలేశాం, సున్నానీ ఒకటినీ పోలి ఉంటాయని. కార్ల చాసిస్ నంబర్లలోనూ వాటిని వాడరు.

వదిన ధర కూడా కోడ్‌లో ఉంటే బాగుంటుందంది. నేను ఒప్పుకోలేదు. 2019కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో బండి నంబరు చూస్తే జిల్లా తెలిసేది. తర్వాత రాష్ట్రమంతటికీ ఒకే వరుస ఏపీ 39తో మొదలైంది. తెలంగాణలో 2024లో టీఎస్ బదులు టీజీ వచ్చింది, అంతకుముందు రిజిస్టరైన బండ్లు మాత్రం టీఎస్‌తోనే తిరుగుతున్నాయి. పేరులో మారిపోయే సంగతి పెడితే అది మారిన రోజు పేరైనా అబద్ధమవుతుంది, లేదా రెండు రకాల పేర్లు పక్కపక్కన ఉండిపోతాయి. ధర, గుడ్డ ఇచ్చినవాళ్ల పేరు, బీరువా అర వంటివన్నీ షీటులో పక్క గడుల్లో ఉంటే చాలు.

కోడ్‌ని ఇకపై ఎవరూ చేత్తో టైప్ చేయరు. డిజైన్, రంగు, సైజు వేరు వేరు గడుల్లో ఎంచుకుంటే షీటే కలుపుతుంది:

```
="KR-"&B2&"-"&C2&"-"&D2
```

పాత పేర్ల సంగతి మిగిలింది. అమ్మకంలో ఉన్న సరుకుని తీసేసి మళ్లీ పెట్టే పని పెట్టుకోలేదు. Map అనే ఇంకో షీటు చేశాం. ఎడమ వరుసలో ఏ దుకాణంలో ఉన్న పాత పేరైనా సరే, కుడి వరుసలో దానికి సరిపోయే కొత్త కోడ్. వరుసలు నింపేముందు వాటిని టెక్స్ట్‌గా మార్చాం, MAR-38 అక్కడ కూడా తేదీ కాకుండా. నివేదిక రాగానే పక్కన ఈ సూత్రం పెడతాం:

```
=IFERROR(VLOOKUP(TRIM(A2),Map!A:B,2,FALSE),"CHECK")
```

TRIM పని మొదట్లోనూ చివర్లోనూ కనబడకుండా ఉండిపోయిన ఖాళీలను తీసేయడం. పేరు దొరక్కపోతే ఇప్పుడు సున్నా రాదు, CHECK అని వస్తుంది. అమ్మకాల లెక్క స్టాకులోంచి తీసేయకముందే ఆ వరుసలన్నీ చూడాలి. ఒకే కోడ్ రెండుసార్లు పడిందేమో COUNTIF చెబుతుంది.

ఇంత చేసినా కోడ్ తనంతట తాను స్టాకు తగ్గించదు. ఆఖరి కుర్తీ ఒక్కటే ఉన్నప్పుడు రెండు దుకాణాల్లో ఒకే గంటలో అమ్ముడైతే ఏ పేరూ ఆపలేదు. అందుకే రెండు ముక్కలు మిగిలాయంటే వదిన దాన్ని ఒక్కచోటే ఉంచి మిగతా చోట్ల సున్నా చేస్తుంది.

102వ డిజైన్ ఇప్పుడు కుట్టించడం లేదు. ఆ సంఖ్య ఖాళీ అయింది కదా, కొత్త కుర్తీకి ఇద్దామంది. వద్దన్నాను, కొత్తది 107 అయింది. నాలుగు వారాల తర్వాత వెనక్కి వచ్చిన ఒక ప్యాకెట్ విప్పితే లోపల కవర్ మీద మేం అంటించిన స్టిక్కరు: KR-102-ULP-40. వదిన దాన్ని చూసి, 102 వరుసలోకి వెళ్లి ఒకటి కలిపింది.