పెద్దక్షరాలు లేని లిపిలో స్క్రీన్‌ప్లే

ఇంగ్లిష్ స్క్రీన్‌ప్లేలో పాత్ర పేరును పెద్దక్షరాల్లో రాస్తారు. ఫౌంటెన్ వంటి సాదా అక్షరాల పద్ధతిలో సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టేది ఆ పెద్దక్షరాలను బట్టే. తెలుగు లిపిలో చిన్నా పెద్దా తేడా లేదు. అందుకే తర్జుమా చేసిన పేరు మామూలు వర్ణనలో కలిసిపోతుంది, దాని కింది డైలాగు కూడా ఎడమ అంచుకు జరుగుతుంది. పేరు ముందు @ పెడితే ఈ చిక్కు తీరుతుంది.

```
INT. వంటగది - రాత్రి

@సీత
(నెమ్మదిగా)
తలుపు వెయ్యి.
```

సీన్ శీర్షికలో INT., EXT. ఇంగ్లిష్‌లోనే ఉంచడం మేలు. సాఫ్ట్‌వేర్ సీన్లను లెక్కపెట్టేది వాటితోనే. తెలుగు సెట్‌లో వాటి అర్థం తెలియనివారూ అరుదు. స్థలం, సమయం తెలుగులోకి మార్చవచ్చు, కానీ ప్రతిచోటా ఒకే మాట వాడాలి. ఒకచోట ‘వంటగది’, ఇంకోచోట ‘వంటిల్లు’ అని రాస్తే షెడ్యూలులో రెండు లొకేషన్లు తేలతాయి. ‘రామ్’, ‘రాం’ సంగతీ అంతే: ఒకే మనిషి జాబితాలో ఇద్దరవుతాడు. పాత్రల జాబితా తీసి చూస్తే ఇలాంటివి వెంటనే బయటపడతాయి. సీన్ నంబర్లను మాత్రం ముట్టుకోకూడదు, మిగతా శాఖల కాగితాలన్నీ వాటి మీదే నడుస్తాయి.

పేజీకి నిమిషం అనే అంచనా 12 పాయింట్ల కొరియర్ ఫాంటుతో ముడిపడింది. కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. వేరే ఫాంటు వస్తే పేజీల సంఖ్య మారుతుంది, కాబట్టి నిడివిని మూలప్రతి పేజీలతోనే లెక్కించాలి.