బిల్లు కలిసింది, లెక్క కలవలేదు

హైదరాబాద్‌లో అయిదంతస్తుల ఆఫీసు ఒకటి ఉందనుకుందాం. దాని గోడలు, అద్దాలు, దీపాలు, ఏసీల వివరాలన్నీ ఎనర్జీప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ఏ గంటకి ఎంత కరెంటు కాలుతుందో ఏడాది మొత్తానికీ లెక్కగట్టి చెబుతుంది. జనవరికి 44,000 యూనిట్లని చెప్పింది, బిల్లు 51,000 వచ్చింది. మే నెలకి 62,000 అంటే బిల్లు 74,000.

ఇక్కడ ఒక దొంగదారి ఉంది. మోడల్‌లో ఏసీని 24 డిగ్రీల నుంచి 22కి దించితే ఏడాది మొత్తం బిల్లుకి దగ్గరపడుతుంది. జవాబు ముందే చూసుకుని లెక్క చేసినట్టన్నమాట.

తేడాని నెలలవారీగా చూస్తే సంగతి బయటపడుతుంది. జనవరిలో 7,000, మేలో 12,000. ఎండతో పనిలేకుండా ప్రతి నెలా సుమారు ఏడు వేలు తగ్గుతోందంటే అది అలవాట్ల తేడా. వేసవిలో పైన పడే అయిదు వేలు వేరే సంగతి.

మొదటిది పట్టుకోవాలంటే అరగంటకోసారి రీడింగ్ రాసుకునే మీటరు కావాలి. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఏడు దాకా ఆఫీసు ఖాళీ అనుకుని మోడల్‌లో 8 కిలోవాట్లే వేశారు. మీటరు 30 చూపిస్తోంది. ఆ 22 కిలోవాట్ల తేడా పదకొండు గంటల చొప్పున ముప్పై రాత్రులకి 7,260 యూనిట్లు. కారణం కాగితాల్లో దొరకదు. ఒక రాత్రి వెళ్లి అంతస్తులన్నీ తిరగాలి, లేదా వాచ్‌మన్‌ని అడగాలి. ఆపని కంప్యూటర్లు, సర్వర్ గది, వెలుగుతూనే ఉండే మెట్ల దీపాలు ఒక్కొక్కటే తేలతాయి.

రెండోది వాతావరణ ఫైలు. మామూలుగా వాడే ఫైలు ఏ ఒక్క ఏడాదిదీ కాదు. చాలా ఏళ్ల రికార్డుల్లోంచి సగటుకి దగ్గరగా ఉన్న జనవరిని ఒక ఏడాది నుంచి, మే నెలని ఇంకో ఏడాది నుంచి తెచ్చి అతికిస్తారు. కొత్త భవనం డిజైన్‌కి అది చాలు. నిరుటి బిల్లుతో పోల్చాలంటే మాత్రం నిరుటి ఎండే కావాలి. అందులోనూ కొలతలు తరచుగా విమానాశ్రయానివి, భవనమేమో కాంక్రీటు మధ్య ఉంటుంది. బిల్లు పన్నెండో తేదీ నుంచి పన్నెండో తేదీకి వస్తే, మోడల్‌నీ అవే తేదీలకి కూడాలి. చిన్న విషయమే, కానీ దీన్ని మర్చిపోయి రోజులకి రోజులు తల బద్దలుకొట్టుకునేవాళ్లున్నారు.

ఆష్రే మార్గదర్శకం 14 ప్రకారం నెలవారీ బిల్లులతో పోల్చినప్పుడు మొత్తం మీద తేడా 5 శాతం లోపు, నెలల హెచ్చుతగ్గులు 15 శాతం లోపు ఉంటే మోడల్ పాసయినట్టే. చిక్కేమిటంటే, 22 డిగ్రీలకి దించిన మోడలూ పాసవ్వొచ్చు. దాన్ని నమ్మితే ఏసీ ఖర్చు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించి, డాబాకి చల్లదనం పెయింటు వేస్తే బోలెడు ఆదా అని యజమానికి చెప్పేస్తారు. ఆ మోడల్‌లో రాత్రి రెండు గంటలకి ఎంత కాలుతోందో తీసి చూస్తే ఇంకా 8 కిలోవాట్లే ఉంటుంది.