పింగ్ బాగుంది, ఫైలే కదలదు

ఒక ఆఫీసు అనుకుందాం. అందరి కంప్యూటర్లూ బాగానే పనిచేస్తున్నాయి, ఒక్క మూల బల్ల మీదిది తప్ప. దాని నుంచి సర్వర్‌కు పింగ్ కొడితే జవాబు ఒక మిల్లీసెకను లోపే వస్తుంది. వెబ్ పేజీలు కాస్త తటపటాయించినా తెరుచుకుంటాయి. అదే సర్వర్ నుంచి ఒక పెద్ద ఫైల్ కాపీ చేయబోతే మాత్రం నిమిషంలో అయ్యేది గంట పడుతుంది. కేబుల్ మార్చినా అంతే, యాంటీవైరస్ ఆపినా అంతే. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది డూప్లెక్స్‌ను.

ఫుల్ డూప్లెక్స్‌లో తీగకు రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకేసారి పంపుకోవచ్చు. హాఫ్ డూప్లెక్స్ పోలీసు వైర్‌లెస్ సెట్ లాంటిది. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు ఆగాలి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే దాన్ని కొలిజన్‌గా లెక్కించి, ఆపి, మళ్లీ ప్రయత్నించాలి. రెండు చివరలూ ఏ పద్ధతిలో ఉన్నా ఫరవాలేదు, ఒకే పద్ధతిలో ఉంటే చాలు. అందుకే ఆటో నెగోషియేషన్ ఉంది. తీగ పెట్టగానే రెండు వైపులా తమకు ఏమేం వచ్చో చెప్పుకుని, ఇద్దరికీ కుదిరిన మేలైన పద్ధతిని ఎంచుకుంటాయి.

మన కేసులో ఆ కంప్యూటర్‌ను ఎవరో ఎప్పుడో 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ అని చేత్తో బిగించేశారు. అలా బిగిస్తే చాలా కార్డులు తమ సంగతి చెప్పుకోవడం మానేస్తాయి. స్విచ్ పోర్టు మాత్రం ఆటోలోనే ఉంది. అవతలి నుంచి కబురు లేకపోయినా, వచ్చే సిగ్నల్ తీరును బట్టి వేగం 100 అని స్విచ్ పోల్చుకోగలదు. డూప్లెక్స్ మాత్రం సిగ్నల్‌లో కనపడదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోవాలని ప్రమాణమే చెబుతోంది. స్విచ్ తప్పేమీ చేయలేదు, నిబంధన పాటించింది. ఫలితంగా ఒక చివర ఫుల్, మరో చివర హాఫ్. లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

వేగంలో తేడా ఇలా దాక్కోదు. ఒక వైపు 10, మరో వైపు 100 అని బిగిస్తే సాధారణంగా లింకే రాదు, వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు కాపీ మొదలైంది. స్విచ్ 1518 బైట్ల ఫ్రేము ఒకటి కంప్యూటర్‌కు పంపుతోంది. 100 మెగాబిట్ల వేగంలో దానికి సుమారు 121 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంతలో కంప్యూటర్ అంతకుముందు వచ్చిన వాటికి ‘అందింది’ అని చిన్న జవాబు పంపుతుంది. అది ఫుల్ డూప్లెక్స్ అనుకుంటోంది కాబట్టి ఆగదు. హాఫ్‌లో ఉన్న స్విచ్‌కు అది కొలిజన్. పంపుతున్న ఫ్రేమును మధ్యలోనే తెంచేస్తుంది, వస్తున్న జవాబునూ పారేస్తుంది.

మామూలు కొలిజన్ మొదటి 64 బైట్ల లోపు, అంటే 5.12 మైక్రోసెకన్లలో జరగాలి. అప్పుడైతే స్విచ్ తనంతట తానే మళ్లీ పంపుతుంది. ఆ గడువు దాటాక జరిగితే అది లేట్ కొలిజన్. సాధారణంగా ఆ ఫ్రేమును హార్డ్‌వేర్ మళ్లీ పంపదు. 121లో ఆ 5 ఎంత చిన్న వాటానో చూడండి: కొలిజన్లలో ఎక్కువ భాగం లేట్ అవడంలో వింత లేదు. పోయిన ఫ్రేమును టీసీపీ గమనించి మళ్లీ పంపించాలి. దానికి ఒక్కోసారి వందల మిల్లీసెకన్లు ఎదురుచూడాలి, పైగా రద్దీ ఎక్కువైందనుకుని వేగం తగ్గించుకుంటుంది. కాపీ పాకేది అందుకే. పింగ్‌లో ఒకటి వెళ్లి, దానికి జవాబు తిరిగి వస్తుంది. రెండూ ఎదురుపడవు కాబట్టి పింగ్‌కు ఈ జబ్బు అంటదు.

సాక్ష్యం స్విచ్‌లోనే ఉంటుంది. సిస్కో స్విచ్‌లో:

```
show interfaces fa0/7 status
show interfaces fa0/7
```

మొదటిదానిలో డూప్లెక్స్ కింద `a-half` కనిపిస్తే, అది ఆటోలో ఉండి హాఫ్‌కు దిగిందని అర్థం. రెండోదానిలో `late collision` అంకె చూడాలి. పాత అంకె మోసం చేస్తుంది కాబట్టి `clear counters fa0/7` అని సున్నా చేసి, ఫైల్ కాపీ పెట్టి మళ్లీ చూడండి. కాపీతో పాటు పెరుగుతుంటే రోగం దొరికినట్టే. ఫుల్‌లో ఉన్న కంప్యూటర్ వైపు లేట్ కొలిజన్లు కనపడవు. తెగిన ఫ్రేములే అందుతాయి కాబట్టి అక్కడ పెరిగేవి సీఆర్సీ తప్పులు. అవి చూసి కేబుల్ పాడైందనుకోవడం మామూలే. లినక్స్ యంత్రమైతే `ethtool eth0` అంటే అది `Full` అనీ, ఆటో నెగోషియేషన్ `off` అనీ చెప్పేస్తుంది.

రెండు చివరలూ హాఫ్‌లోనే ఉండి లేట్ కొలిజన్లు వస్తుంటే అది వేరే కథ. అప్పుడు కేబుల్ 100 మీటర్లు దాటిందా, కార్డు చెడిందా చూడాలి.

చికిత్స చిన్నది: కంప్యూటర్ కార్డును ఆటోకు మార్చండి. ఆ పరికరం పాతదై ఆటో రాకపోతే స్విచ్ పోర్టును కూడా 100, ఫుల్ అని బిగించండి, ఆ సంగతి పోర్టు వివరణలో రాసి పెట్టండి. లేదంటే రేపు అక్కడ కొత్త కంప్యూటర్ తగిలించినవారు ఆటోలో వదిలేస్తారు, ఈసారి హాఫ్‌కు దిగేది ఆ కంప్యూటర్.