నెలనెలా కట్టినా అది ఏడాది ఒప్పందమే

పెళ్లి కార్డులు, పుస్తకాల అట్టలు, షాపుల బోర్డులు గీసి బతికే ఫ్రీలాన్స్ డిజైనర్‌కి పని తగ్గితే ముందు కళ్లకి కనబడే ఖర్చు సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షనే. నెలనెలా డబ్బులు పోతున్నాయి కదా, ఈ నెలతో ఆపేద్దాం అనుకుని క్యాన్సిల్ నొక్కుతారు. అప్పుడు తెర మీద కొన్ని వేల రూపాయల ఫీజు కనిపిస్తుంది. వాడని నెలలకి డబ్బు ఎందుకని కోపం వస్తుంది.

ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్‌ల కంపెనీ అడోబీ ప్లాన్లనే తీసుకుందాం. నెలకో ప్లాన్ ఉంది, ఏడాది డబ్బు ఒకేసారి కట్టే ప్లాన్ ఉంది. ఈ రెండిటి మధ్య Annual, billed monthly అని మూడోది ఉంది. ఇందులో కొనేది ఏడాది, కట్టేది వాయిదాల్లో. నెలవారీ ప్లాన్ కంటే ధర తక్కువ కాబట్టి ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. ఆ తగ్గింపు పన్నెండు నెలలూ ఉంటామన్న మాటకి ఇచ్చింది. మధ్యలో వెళ్లిపోతే కంపెనీ ఆ మాటకి వెల కడుతుంది.

కొన్న 14 రోజుల్లోపు వద్దనుకుంటే డబ్బంతా వెనక్కిస్తారు. ఆ గడువు దాటితే ఒప్పందంలో ఇంకా కట్టాల్సిన మొత్తంలో సగం ఒకేసారి వసూలు చేస్తారు. లెక్క తేలికగా ఉండటానికి వాయిదా నెలకి 2,000 రూపాయలనుకుందాం. అయిదు నెలలు కట్టాక ఆపేస్తే మిగిలినవి ఏడు నెలలు, అంటే 14,000. అందులో సగం, 7,000 రూపాయలు ఫీజు. ఇది కట్టినా, అప్పటికే డబ్బు కట్టిన నెల చివరిదాకానే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. కట్టకుండా కొనసాగితే 14,000 అవుతుంది, కానీ ఏడు నెలలూ వాడుకోవచ్చు. ఆ ఏడు నెలల్లో నిజంగా పని వచ్చే సూచన ఉందా అన్నదే అసలు ప్రశ్న. లేకపోతే ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టం. గడిచే ప్రతి నెలకీ 2,000 కడితే ఫీజు తగ్గేది 1,000 మాత్రమే.

కొనకముందే చేసుకోవాల్సిన లెక్క ఇంకోటుంది. అదే సాఫ్ట్‌వేర్ నెలవారీ ప్లాన్‌లో 3,000 అనుకుందాం. నాలుగు నెలల పని చేతిలో ఉంటే నెలవారీకి 12,000 అవుతుంది. ఏడాది ప్లాన్ తీసుకుని నాలుగు నెలలకి వదిలేస్తే 8,000 వాయిదాలు, 8,000 ఫీజు, కలిపి 16,000. ఈ ధరల్లో రెండూ సరిగ్గా ఆరు నెలల దగ్గర సమానమవుతాయి. అంతకు తక్కువ కాలం పనికి ఖరీదుగా కనిపించే నెలవారీ ప్లానే చవక. ఒక్క పెద్ద ప్రాజెక్టు కోసం ఏడాది ప్లాన్ తీసుకునేవాళ్లు ఈ గుణకారం తప్పక చేసుకోవాలి.

ఈ ఫీజు సంగతి కొనేటప్పుడే కళ్లకి కట్టేలా చెప్పాలన్నది న్యాయమైన కోరిక. 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు మీద అక్కడి న్యాయశాఖ అడోబీపై కేసు వేసింది. ఫీజు షరతుని చిన్న అక్షరాల్లో, లింకుల వెనక దాచారని, రద్దు చేసే దారిని కావాలనే మెలికలు తిప్పారని ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. మన దేశంలోనూ 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్ల మార్గదర్శకాల్లో సబ్‌స్క్రిప్షన్ నుంచి బయటపడనివ్వని పద్ధతిని తప్పుగా పేర్కొన్నారు. దారి దొరకకుండా చేశారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పవచ్చు.

ఫీజు తప్పించుకోవడానికి కొందరు బ్యాంకు యాప్‌లో ఆటోపే ఆపేస్తారు. ఇది మంచి పని కాదు. ఆగేది చెల్లింపు మాత్రమే, ఒప్పందం అలాగే ఉంటుంది, బాకీ పడుతుంది. క్యాన్సిల్ అకౌంట్ పేజీలోనే చేయాలి. చివరి బటన్ నొక్కకముందే ఫీజు ఎంతో అక్కడ కనబడుతుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. మధ్యలో ఉచిత నెలలో, తగ్గింపో చూపించి ఆగమనవచ్చు. ఒప్పుకునే ముందు ఒప్పందం ముగిసే తేదీ మారుతుందేమో చదవండి. రద్దయినట్టు ఈమెయిల్ వచ్చేదాకా పని పూర్తికానట్టే. ఏడాది నిండగానే ప్లాన్ తనంతట తానే మరో ఏడాదికి సాగుతుంది. కాబట్టి రెన్యువల్ తేదీని కొన్నరోజే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోవాలి.

ఇక ఫైళ్లు. కంప్యూటర్‌లో ఉన్నవి మీవే, ఎక్కడికీ పోవు. క్లౌడ్‌లో ఉన్నవి మాత్రం ముందే దించుకోవాలి, ఎందుకంటే అక్కడి స్థలం ఉచిత ఖాతా స్థాయికి కుదించుకుపోతుంది. ఇన్‌డిజైన్ ఫైళ్లని IDMLగా కూడా సేవ్ చేస్తే వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచే వీలుంటుంది. అడోబీ ఫాంట్లు సబ్‌స్క్రిప్షన్‌తోపాటే పోతాయి. ప్రెస్సుకి మళ్లీ పంపాల్సి వచ్చే లోగోలు, కార్డుల్లో అక్షరాలని అవుట్‌లైన్‌గా మార్చి ఒక కాపీ, మార్చకుండా ఒక కాపీ దాచుకుని, ఆ తర్వాతే క్యాన్సిల్ నొక్కండి.